బీరు, వైను, విస్కీ: తాగింది ఎన్ని డ్రింకులు? తరచుగా అడిగే ప్రశ్నలు

వైద్యుడు ‘మీరు ఎంత తాగుతారు?’ అని అడిగితే చాలామంది ‘ఒక బీరు’ అనో ‘రెండు పెగ్గులు’ అనో చెబుతారు. ఆ జవాబులో అబద్ధం లేకపోయినా కొలత లేదు. ఏ బీరు, ఎంత సీసా, పెగ్గు ఎవరు పోశారు అన్నది తేలితే తప్ప ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్ ఎంతో తెలియదు. మా ఇంట్లోనూ, స్నేహితుల మధ్యా పదేపదే వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. లెక్క సరిగ్గా ఉంటేనే ‘పరిమితి’ అన్న మాటకు అర్థం ఉంటుంది కాబట్టి ముందు లెక్క, ఆ తర్వాత పరిమితి.

ప్రామాణిక డ్రింకు అంటే ఏమిటి?

10 గ్రాముల శుద్ధమైన ఆల్కహాల్ ఉన్న పానీయం ఒక ప్రామాణిక డ్రింకు. అది ఏ గ్లాసులో ఉంది, ఏ రంగులో ఉంది, ఎంత ఘాటుగా ఉంది అన్నదానితో పని లేదు. కాలేయానికి బీరు, బ్రాందీ అన్న తేడా తెలియదు, దానికి చేరేది ఆల్కహాలే.

ఈ 10 గ్రాములు ప్రపంచమంతా ఒకటే కాదు. బ్రిటన్‌లో ‘యూనిట్’ అంటే 8 గ్రాములు. అమెరికాలో ఒక డ్రింకు 14 గ్రాములు, కెనడాలో 13.45 గ్రాములు. ఆస్ట్రేలియా 10 గ్రాములు వాడుతుంది. తాగుడు అలవాటును అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నావళి కూడా 10 గ్రాముల డ్రింకునే ఆధారం చేసుకుంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య, మెల్‌బోర్న్‌లో ఉన్న చెల్లెలు ఇద్దరూ ‘వారానికి ఐదు డ్రింకులు’ అన్నారంటే, అన్నయ్య లెక్కలో 70 గ్రాములు, చెల్లెలి లెక్కలో 50 గ్రాములు.

ఇక్కడ 10 గ్రాముల లెక్కే వాడుతున్నాను. మన దగ్గర పెగ్గుకు అది సరిగ్గా సరిపోతుంది, ఎలాగో తర్వాతి జవాబులో ఉంది.

సీసా చూసి ఎలా లెక్కించాలి?

లేబుల్ మీద రెండు అంకెలు చాలు: ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం ఆల్కహాల్. ఆ శాతం పక్కన ‘వి/వి’ అని ఉంటుంది. అంటే అది ఘనపరిమాణంలో శాతం, బరువులో కాదు. ఆల్కహాల్ నీటికంటే తేలిక. ఒక మిల్లీలీటరు ఆల్కహాల్ 0.789 గ్రాములు తూగుతుంది. అందుకే లెక్క ఇలా ఉంటుంది:

```
మి.లీ. × శాతం × 0.789 ÷ 100 = గ్రాములు
గ్రాములు ÷ 10 = డ్రింకులు
```

మన దేశంలో తయారయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు. 30 ని 42.8 తో, 0.789 తో గుణించి 100 తో భాగిస్తే 10.1 గ్రాములు. అంటే బారులో కొలిచి పోసే ఒక చిన్న పెగ్గు ఒక డ్రింకు. పెద్ద పెగ్గు, అంటే 60 మిల్లీలీటర్లు, రెండు డ్రింకులు. నీళ్లు కలిపినా, సోడా కలిపినా, గ్లాసు నిండా ఐసు వేసినా ఈ సంఖ్య మారదు.

క్వార్టర్, హాఫ్, ఫుల్ మాటేమిటి?

నైంటీ అంటే మూడు డ్రింకులు. క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, ఆరు డ్రింకులు. 375 మిల్లీలీటర్ల హాఫ్‌లో పన్నెండున్నర పైచిలుకు, 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్‌లో ఇరవై ఐదు.

క్వార్టర్ దగ్గర కాస్త ఆగాలి. లెక్కిస్తే అందులో దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంది. ఒకే సందర్భంలో 60 గ్రాములు, అంతకు మించి తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఒకేసారి అతిగా తాగడం’ కింద లెక్కేస్తుంది. మన ఊళ్లలో ‘ఒక క్వార్టరే కదా’ అన్న మాట ఎంత మామూలుగా వినిపిస్తుందో అందరికీ తెలుసు. పని ముగించుకుని వైన్ షాపు దగ్గర ఆగి, పర్మిట్ రూములో ఇరవై నిమిషాల్లో క్వార్టర్ ముగించే మనిషికి తాను అతిగా తాగుతున్నట్టు అనిపించదు. అమ్మే సీసాయే అంత ఉంది కాబట్టి ఒక మనిషికి కొలత అదే అనుకుంటాడు. చిన్న సీసా అన్న భావన అతణ్ని మోసం చేస్తోంది.

బీరు తేలికే కదా? దాన్ని కూడా లెక్కపెట్టాలా?

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది బీరు దగ్గరే. విదేశీ పట్టికల్లో ‘ఒక బీరు, ఒక డ్రింకు’ అని కనిపిస్తుంది. అది చిన్న గ్లాసు, తక్కువ శాతం బీరు గురించి. మన దగ్గర మామూలు సీసా 650 మిల్లీలీటర్లు, ఎక్కువమంది కొనేది స్ట్రాంగ్ బీరు.

650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరు ఉంటే 25.6 గ్రాములు, అంటే రెండున్నర డ్రింకులు. అదే సీసాలో 8 శాతం బీరు ఉంటే 41 గ్రాములు, నాలుగు డ్రింకులు. ఒక స్ట్రాంగ్ బీరు తాగిన మనిషి నాలుగు చిన్న పెగ్గుల విస్కీ తాగినట్టే. ‘నేను హాటు ముట్టను, బీరు మాత్రమే’ అని చెప్పుకునేవారు ఈ ఒక్క లెక్క ఒకసారి సొంతంగా కాగితం మీద వేసి చూడాలి.

స్ట్రాంగ్ బీరు లేబుళ్ల మీద ఒక్కోసారి కచ్చితమైన శాతానికి బదులు ‘5 కంటే ఎక్కువ, 8 కి మించదు’ అన్న అర్థంలో రాస్తారు. 6 శాతమైతే సీసాకు మూడు డ్రింకులు, 8 అయితే నాలుగు. ఏదో తెలియనప్పుడు పై అంకెనే తీసుకోండి. ఈ లెక్కలో తప్పు చేస్తే ఎక్కువ వైపే చేయాలి.

వైను, తియ్యటి రంగు సీసాలు?

13 శాతం వైను 100 మిల్లీలీటర్లు ఒక డ్రింకు. హోటల్లో పోసే గ్లాసు సాధారణంగా 150, అంటే ఒకటిన్నర. 750 మిల్లీలీటర్ల సీసా మొత్తం ఏడున్నర దాటుతుంది. పండ్ల రుచులతో వచ్చే 275 మిల్లీలీటర్ల సీసాలు 4.8 శాతమైతే సుమారు ఒక డ్రింకు. అవి శీతల పానీయంలా వేగంగా దిగిపోతాయి, జాగ్రత్త అవసరమైనది అక్కడే.

ఇంట్లో పోసుకుంటే పెగ్గు ఎంతో ఎలా తెలుస్తుంది?

కంటితో చూస్తే తెలియదు. ఎప్పుడూ వాడే గ్లాసు తీసుకుని, మామూలుగా ఎంత పోసుకుంటారో అంతవరకు నీళ్లు పోయండి. దగ్గు మందు సీసా మీద వచ్చే కొలత మూత అందరి ఇళ్లలో ఉంటుంది, సాధారణంగా దాని మీద 5, 10 మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. ఆ నీళ్లను మూతతో కొలిచి చూడండి. అడుగు వెడల్పుగా ఉన్న గ్లాసులో 60 మిల్లీలీటర్లు కూడా కొంచెమే అనిపిస్తుంది.

మా దగ్గరి బంధువు ఒకాయన తన వారం ఇలా చెప్పారు: ‘మూడు రోజులు రెండేసి పెగ్గులు, ఆదివారం ఒక బీరు. మొత్తం ఏడు.’ నీళ్లతో కొలిస్తే ఆయన పెగ్గు 55 మిల్లీలీటర్లు వచ్చింది. 42.8 శాతంలో అది 18.6 గ్రాములు, అంటే ఒక్కో పెగ్గు దాదాపు 1.9 డ్రింకులు. ఆరు పెగ్గులకు పదకొండు. ఆదివారం తాగేది 8 శాతం బీరు, అది నాలుగు. వారానికి ఏడు అనుకున్నది పదిహేను అయింది. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, అంతకుముందు ఎవరూ ఆయనకు కొలిచి చూపించలేదు, అంతే.

కల్లును ఎలా లెక్కించాలి?

నిజాయితీగా చెప్పాలంటే కచ్చితంగా లెక్కించలేం. తాటికల్లయినా ఈతకల్లయినా చెట్టు నుంచి దించినప్పటి నుంచీ పులుస్తూనే ఉంటుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఘాటెక్కుతుంది. బాగా పులిసిన కల్లు సుమారు 5 శాతం అనుకుంటే, అర లీటరుకు రెండు డ్రింకులు. ఇది అంచనా మాత్రమే.

ఇంకో సంగతి ఇంతకంటే పెద్దది. తెలంగాణలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటి మత్తు మందులు కలిపిన ఘటనలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. వాటిలో మత్తునిచ్చేది ఆల్కహాల్ ఒక్కటే కాదు, కాబట్టి డ్రింకుల లెక్కకు అక్కడ విలువే లేదు. అలాంటి కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు, పిచ్చి చేష్టలు రావచ్చు. తాగిన పరిమాణానికి మించి మగతగా ఉంటే, మాట తడబడి ఊపిరి మందగిస్తే, అది కల్లు మత్తే అనుకుని పడుకోబెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాటుసారాకు కూడా ఈ లెక్క పనికిరాదు. దాని శాతం ఎవరికీ తెలియదు, పైగా మిథనాల్ కలిసిందేమోనన్న భయం ఉంటుంది.

‘తక్కువ ప్రమాద పరిమితి’ అంటే అంతవరకు తాగితే ఏమీ కాదనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు కొంచెం వివరంగా చెప్పాలి.

ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సూచన ఇది: ఆరోగ్యవంతులైన పెద్దవారు వారానికి 10 డ్రింకులు, ఏ ఒక్క రోజూ 4 డ్రింకులు మించకూడదు. రెండూ ఒకేసారి పాటించాలి. ఈ పదీ నాలుగూ శరీరంలో ఎక్కడో ఉన్న గీతలు కావు. పదో డ్రింకు వరకు కాలేయం తట్టుకుని, పదకొండో డ్రింకుకు దెబ్బతినడం అంటూ ఉండదు.

ఆ సంఖ్యలు వచ్చిన తీరు వేరు. తాగుడు వల్ల వచ్చే క్యాన్సర్లు, కాలేయ వ్యాధులు, ప్రమాదాలు అన్నీ కలిపి, ఒక మనిషి జీవితకాలంలో వాటి వల్ల చనిపోయే అవకాశం ఎంత అని లెక్క కట్టారు. తాగే పరిమాణం పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతూ పోతుంది. అది నూటికి ఒకటి దాటకుండా ఉండే చోట గీత గీశారు. అంటే జీవితమంతా ఆ పరిమితి దగ్గరే తాగే వంద మందిలో సుమారు ఒకరు తాగుడు కారణంగానే చనిపోవచ్చని ఒప్పుకునే గీసిన గీత అది.

నూటికి ఒకరు తక్కువా, ఎక్కువా? ఒక ఊరి పెళ్లి భోజనానికి ఐదు వందల మంది వచ్చారనుకోండి. అందరూ జీవితాంతం ఆ పరిమితి దగ్గరే తాగితే, ఆ పంక్తుల్లో ఐదుగురి మరణానికి కారణం మద్యం అవుతుంది. ఆ ఐదుగురు ఎవరో ముందుగా చెప్పలేం. దీన్ని చిన్న ప్రమాదం అనుకునేవారు ఉంటారు, పెద్దదే అనుకునేవారు ఉంటారు. ఆ తీర్పు ఎవరికి వారు చేసుకోవలసిందే. నా మటుకు నాకు ‘తక్కువ’ అన్న మాట చదివి ‘లేదు’ అని అర్థం చేసుకోవడమే అన్నిటికంటే ప్రమాదకరంగా అనిపిస్తుంది.

మరి ఒక్కో దేశం ఒక్కో అంకె ఎందుకు చెబుతోంది? ఎవరిని నమ్మాలి?

ఆస్ట్రేలియా వారానికి 100 గ్రాములు అంటుంది. బ్రిటన్ 2016 నుంచి వారానికి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు అంటోంది. కెనడాలో 2023లో వచ్చిన మార్గదర్శకాలు మాత్రం వారానికి రెండు డ్రింకులు దాటితే తక్కువ ప్రమాదం కాదన్నాయి. అది 27 గ్రాములే. నూట పన్నెండు ఎక్కడ, ఇరవై ఏడు ఎక్కడ?

చూడటానికి ఇది శాస్త్రవేత్తల మధ్య కీచులాటలా కనిపిస్తుంది. కానీ కెనడా లెక్కను లోపలికి వెళ్లి చూస్తే చిక్కు విడిపోతుంది. వాళ్లు వారానికి రెండు డ్రింకుల దగ్గర అకాల మరణ ప్రమాదం వెయ్యికి ఒకటి అని, ఆరు డ్రింకుల దగ్గర నూటికి ఒకటి అని లెక్కగట్టారు. ఆరు కెనడా డ్రింకులంటే 81 గ్రాములు. నూటికి ఒకటి అన్న గీతను ఆస్ట్రేలియా 100 గ్రాముల దగ్గర గీస్తే, కెనడా 81 దగ్గర గీసింది, బ్రిటన్ కూడా సుమారు ఆ నూటికి ఒకటినే దృష్టిలో పెట్టుకుంది. తేడా ఉంది గానీ అది నాలుగు రెట్ల తేడా కాదు. అసలు తేడా, ఎంత ప్రమాదాన్ని ‘తక్కువ’ అని పిలవాలన్న దగ్గరే వచ్చింది. కెనడా ఆ మాటను వెయ్యికి ఒకటికి ఇచ్చింది, మిగతావాళ్లు నూటికి ఒకటికి ఇచ్చారు.

2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఆరోగ్యానికి హాని లేని మద్య పరిమాణం అంటూ ఏదీ లేదు’ అన్న అర్థంలో ప్రకటన ఇచ్చినప్పుడు కూడా ఇదే గీత గురించి మాట్లాడింది. క్యాన్సర్ ముప్పు మొదటి చుక్క నుంచే మొదలవుతుంది, అది సున్నా అయ్యే చోటు లేదు అన్నది దాని భావం. ఒక డ్రింకు తాగితే తప్పక క్యాన్సర్ వస్తుందని మాత్రం కాదు.

వారమంతా ముట్టకుండా శనివారం ఒక్కరోజే పది తాగితే పరిమితిలో ఉన్నట్టేనా?

ఉన్నట్టు కాదు. రోజుకు నాలుగు అన్న రెండో గీత ఉన్నది ఇందుకే. వారం మొత్తం దీర్ఘకాలిక రోగాలకు సంబంధించినది. ఒక్క రోజు లెక్క ఆ రాత్రి జరిగే ప్రమాదాలకు, కిందపడటానికి, కొట్లాటలకు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడానికి సంబంధించినది. శరీరం గంటకు సుమారు ఒక డ్రింకును, కొందరిలో అంతకంటే తక్కువను మాత్రమే కరిగించుకోగలదు. మిగిలిందంతా రక్తంలోనే ఉండిపోతుంది. రెండు స్ట్రాంగ్ బీర్లతోనే ఎనిమిది డ్రింకులు అవుతాయి, రోజు పరిమితికి రెట్టింపు.

రోజుకు కొంచెం తాగితే గుండెకు మంచిదని విన్నాం?

చాలా ఏళ్లు అలాగే నమ్మారు. అసలు తాగనివారికంటే కొంచెం తాగేవారు ఎక్కువకాలం బతికినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. కానీ ‘తాగనివారు’ అన్న గుంపులో, జబ్బుపడి డాక్టరు చెప్పాక మానేసినవారు కూడా కలిసిపోయారు. వాళ్లు ముందే అనారోగ్యంతో ఉన్నవారు. దానికి తోడు, మితంగా తాగేవారిలో చాలామందికి మంచి ఆదాయం, మంచి వైద్యం ఉన్నాయి. వీటిని విడదీసి చూసేసరికి ఆ మేలు చాలావరకు కరిగిపోయింది. గుండె కోసమని తాగడం మొదలుపెట్టమని ఇప్పుడు ఏ ప్రధాన మార్గదర్శకమూ చెప్పడం లేదు.

ఆడవారికి పరిమితి వేరా?

ఆస్ట్రేలియా, బ్రిటన్ ఇద్దరికీ ఒకే అంకె ఇచ్చాయి. అలాగని శరీరాలు ఒకటే అని కాదు. సాధారణంగా ఆడవారి ఒంట్లో నీటి పాళ్లు తక్కువ కాబట్టి అంతే తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువగా తేలుతుంది. కొద్దిపాటి తాగుడుతోనే రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. మగవారిలో ప్రమాదాల మరణాలు ఎక్కువ కావడంతో, తక్కువ పరిమాణాల దగ్గర మొత్తం లెక్కలో ఇద్దరూ దగ్గరకు వచ్చారు. గర్భిణులకు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి అంకె సున్నా. పద్దెనిమిది నిండనివారికీ అంతే.

పరిమితిలోనే తాగాను. బండి నడపవచ్చా?

ఈ పరిమితులకు, డ్రైవింగుకు సంబంధం లేదు. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే నేరం. 70 కిలోల మగమనిషికి ఒక డ్రింకు రక్తంలో సుమారు 21 మిల్లీగ్రాములు చేరుస్తుంది, 55 కిలోల స్త్రీకి సుమారు 33. అంటే ఆమెకు ఒక్క చిన్న పెగ్గే గీత దాటించవచ్చు. ఒక స్ట్రాంగ్ బీరు ఆ 70 కిలోల మనిషిని 85 దాకా తీసుకెళ్లగలదు. గంటకు 15 చొప్పున తగ్గినా అది సున్నాకు రావడానికి ఐదారు గంటలు పడుతుంది. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఈ వేగాన్ని పెంచలేవు. తాగిన రోజు తాళం ఇంకొకరికి ఇవ్వండి, లెక్కలు వేసుకుని బండి తీయకండి.

లెక్కిస్తే రోజుకు ఆరేడు డ్రింకులు తేలాయి. రేపటి నుంచే పూర్తిగా మానేయవచ్చా?

దయచేసి ఒంటరిగా అలా చేయకండి. చాలాకాలంగా రోజూ అంత తాగుతున్న శరీరం ఒక్కసారిగా ఆపితే ఎదురుతిరుగుతుంది. మొదట చేతులు వణకడం, చెమట, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, తీవ్రమైన జ్వరం వస్తే అది ప్రాణాపాయం. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకిందనో దెయ్యం పట్టిందనో అనుకుని భూతవైద్యుల దగ్గరకు తీసుకెళ్లిన సందర్భాలు నాకు తెలుసు. అది ఆల్కహాల్ ఆపడం వల్ల మెదడులో జరిగే మార్పు, ఆసుపత్రిలో మందులతో తగ్గుతుంది.

పొద్దున లేవగానే చేయి వణికి, తాగితే ఆ వణుకు తగ్గుతోందంటే శరీరం ఇప్పటికే దానికి అలవాటుపడిందని అర్థం. ముందు ఒక వైద్యుడిని కలవండి. మీరు వేసుకున్న లెక్క కాగితం తీసుకెళ్లండి: సీసా పరిమాణం, శాతం, రోజుకు ఎన్ని, చివరిసారి ఎప్పుడు తాగారు. ఏ మందు ఎంత మోతాదు ఇవ్వాలో నిర్ణయించడానికి ఆయనకు ఆ వివరాలు పనికొస్తాయి. ఎవరిని అడగాలో తెలియకపోతే వ్యసన విముక్తి జాతీయ సహాయ నంబరు 14446 కి, లేదా మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలీ మానస్ 14416 కి ఫోను చేయవచ్చు. టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు.